సైటు ఏఐ కట్టినా మాట మీదే

గూగుల్‌లో `500 Terry Francine Street` అని కొట్టి చూస్తే రకరకాల దేశాల వెబ్‌సైట్లు వరసగా వస్తాయి. ఫొటో స్టూడియోలు, పార్లర్లు, చిన్నచిన్న దుకాణాలు. ఒకదానికొకటి సంబంధం లేదు, కానీ అందరి చిరునామా శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆ ఒక్క వీధే. నిజానికి వాళ్లెవరూ అక్కడ లేరు. సొంతంగా వెబ్‌సైటు కట్టుకునే వీలు కల్పించే విక్స్ అనే సంస్థ తన టెంప్లేట్లలో నమూనాగా పెట్టిన చిరునామా అది. యజమానులు దాన్ని మార్చడం మరిచిపోయారు. దాని పక్కనే `123-456-7890` అనే ఫోన్ నంబరు, `info@mysite.com` అనే ఈమెయిలు కూడా చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి.

టెంప్లేటుతో కట్టిన సైట్లలో జరిగే పొరపాటు ఇలా ఉంటుంది. చూడగానే దొరికిపోతుంది. ఆ నంబరుకు ఫోన్ చేయబోయిన మొదటి కస్టమరుకే సంగతి అర్థమవుతుంది.

ఇప్పుడు చాలామంది టెంప్లేటు జోలికే పోవడం లేదు. వ్యాపారం పేరు, ఊరు, ఏం అమ్ముతారో రెండు వాక్యాల్లో రాస్తే ఏఐ కొద్ది నిమిషాల్లో సైటు మొత్తం తయారుచేసి ముందు పెడుతోంది. అందులో ఖాళీలుండవు. నమూనా వాక్యాలుండవు. ప్రతి పేజీ నిండుగా, వ్యాపారం గురించి బాగా తెలిసినవాళ్లు రాసినట్టే ఉంటుంది. చిక్కంతా ఆ నిండుతనంలోనే ఉంది. టెంప్లేటులో పొరపాటు ఖాళీగా మిగులుతుంది, ఏఐ సైటులో పొరపాటు నిజంలా కనిపిస్తుంది. టెంప్లేటు ఖాళీ అద్దె ఇల్లయితే, ఏఐ ఇచ్చేది గోడల మీద ఎవరివో కుటుంబ ఫొటోలు కూడా తగిలించి ఉన్న ఇల్లు. అందుకే రెండింటినీ ఒకే పద్ధతిలో తనిఖీ చేస్తే కుదరదు.

రెండు దారులూ ఎలా నడుస్తాయి

తెనాలిలో ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్లు. ఇన్నాళ్లూ ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. హైదరాబాదు, బెంగళూరు నుంచి అడుగుతున్నారు, అమెరికాలో పిల్లలున్న వాళ్లు అక్కడికి పంపగలరా అని అడుగుతున్నారు. వాళ్లకు కావలసింది ఐదు పేజీల సైటు: మొదటి పేజీ, ధరల పట్టిక, ఆర్డరు చేసే పద్ధతి, వాళ్ల గురించి నాలుగు మాటలు, ఫోన్ నంబరు.

టెంప్లేటు దారిలో వెళ్తే, విక్స్, స్క్వేర్‌స్పేస్, వర్డ్‌ప్రెస్ లాంటి చోట ఆహార దుకాణాలకు పనికొచ్చే నమూనా ఒకటి ఎంచుకుంటారు. దాన్ని ఎవరో డిజైనరు ముందే గీసి, ఫోనులోనూ కంప్యూటరులోనూ సరిగ్గా కనిపించేలా సరిచూసి పెట్టి ఉంటారు. కుటుంబం చేయాల్సింది అందులోని బొమ్మలు తీసి తమ బొమ్మలు పెట్టడం, అక్కడి మాటలు చెరిపి తమ మాటలు రాయడం. వినడానికి సులువే. కానీ సమయమంతా తినేది ఆ మాటలే. మా గురించి అనే పేజీలో ఏం రాయాలో తోచక సాయంత్రాలు గడిచిపోతాయి. విసిగిపోయినవాళ్లు కొన్ని పెట్టెలను అలాగే వదిలేస్తారు. `I'm a paragraph. Click here to add your own text` అనే వాక్యం ఎన్నో సైట్లలో ఇప్పటికీ కనిపించడానికి కారణం ఇదే.

ఏఐ దారి రెండు రకాలు. మొదటి రకంలో ఏఐ కొత్తగా కనిపెట్టేది తక్కువ. ఆ సంస్థ దగ్గరున్న విభాగాల్లోంచే కొన్నింటిని ఎంచి, వరసలో పేర్చి, రంగులు కలిపి, వాటిలో మాటలూ బొమ్మలూ నింపుతుంది. విక్స్ 2016లోనే ఏడీఐ పేరుతో ఇలాంటిది తెచ్చింది, కాకపోతే అప్పట్లో మాటలు ఇంత ధారాళంగా వచ్చేవి కావు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ లోటు తీరింది. ఇప్పుడు విక్స్, స్క్వేర్‌స్పేస్, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, గోడాడీ, హోస్టింగర్ అన్నింటిలోనూ ఈ సదుపాయం ఉంది. సైటు తయారయ్యాక ప్రతి పెట్టెనూ మామూలు టెంప్లేటులోలాగే చేత్తో మార్చుకోవచ్చు. రెండో రకం వేరు. లవబుల్, బోల్ట్ లాంటివి ఏకంగా ప్రోగ్రామే రాసిస్తాయి. లాగిన్, ఆర్డర్ల జాబితా, డేటాబేసు అన్నీ అందులో ఉంటాయి. దాని ప్రమాదాలు కూడా వేరు, వాటి సంగతి తర్వాత చూద్దాం.

మన తెనాలి కుటుంబం మొదటి రకాన్ని ఎంచుకుందనుకుందాం. రెండు వాక్యాలు రాశారు: పచ్చళ్లు అమ్ముతాం, తెనాలి. కాఫీ తాగి వచ్చేసరికి సైటు సిద్ధం.

ఎవరూ చెప్పని విషయాలు

అలాంటి సైట్లలో మామూలుగా కనిపించే వాక్యాలు ఇలా ఉంటాయి. మూడు తరాల వారసత్వం. 1985 నుంచి మీ సేవలో. పదివేల మంది సంతృప్తి చెందిన కస్టమర్లు. నూటికి నూరు శాతం ఆర్గానిక్. గ్లూటెన్ లేదు, ప్రిజర్వేటివ్‌లు లేవు. దేశమంతా 48 గంటల్లో డెలివరీ. నచ్చకపోతే 30 రోజుల్లో డబ్బు వాపసు. కింద ముగ్గురు కస్టమర్ల మెచ్చుకోలు, పేర్లతో, ఐదేసి నక్షత్రాలతో.

వీటిలో ఒక్కటి కూడా కుటుంబం చెప్పింది కాదు. మరి ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ పేజీ అమరికలో అంకెలు చూపించే పట్టీ ఒకటి ఉంది, అందులో మూడు గళ్లు ఉన్నాయి. గళ్లు ఉన్నాయి కాబట్టి ఏఐ మూడు అంకెలు నింపింది. కస్టమర్ల అభిప్రాయాలకు మూడు పెట్టెలున్నాయి, మూడు అభిప్రాయాలు రాసింది. పచ్చళ్ల సైట్లలో సాధారణంగా ఎలాంటి మాటలు ఉంటాయో దానికి తెలుసు, ఈ ఇంట్లో ఏం జరుగుతుందో తెలియదు. తెలియని చోట ఆగి అడగడం కంటే, అలాంటి చోట ఎక్కువగా కనిపించే మాటను పెట్టేయడం దాని స్వభావం. దీనికి విరుగుడు ఒకటుంది. వివరాలు ఎంత ఎక్కువ ఇస్తే కల్పన అంత తగ్గుతుంది. మొదలుపెట్టిన సంవత్సరం, వాడే నూనె, పంపే ఊళ్లు, పంపని ఊళ్లు ముందే రాసిస్తే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం మనిషి చదివి పట్టుకోవలసిందే.

గ్లూటెన్ లేదన్న మాటనే తీసుకుందాం. పచ్చడిలో గోధుమ ఎక్కడిది అనుకుంటారు ఎవరైనా. మాగాయ పోపులో ఇంగువ వేస్తారు. బజారులో డబ్బాల్లో దొరికే ఇంగువలో ఎక్కువ రకాలు కలిపి చేసినవే, వాటిలో గోధుమ పిండో మైదానో ఉంటుంది. డబ్బా వెనక ఆ సంగతి రాసే ఉంటుంది. మన దేశ నిబంధనల ప్రకారం గ్లూటెన్ లేదని చెప్పాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. సీలియాక్ జబ్బున్న వ్యక్తి ఆ సైటులో మాట నమ్మి మాగాయ తెప్పించుకుంటే కడుపు పాడవుతుంది. ఈ తప్పును సైటు కట్టిన కుర్రాడు పట్టుకోలేడు. రాసిన ఏఐ పట్టుకోలేదు. పోపు వేసే మనిషి మాత్రమే పట్టుకోగలదు.

నువ్వుల నూనె సంగతీ అంతే. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు ముఖ్యమైన అలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి, లేబులు మీద చెప్పి తీరాలి. ఆవాలు ఆ జాబితాలో లేవు గాని యూరప్, కెనడా జాబితాల్లో ఉన్నాయి. ఆవకాయలో ఆవపిండి, నువ్వుల నూనె రెండూ ఉంటాయి. ఏఐ రాసిన ఉత్పత్తి వివరణలో కమ్మని రుచి, అమ్మమ్మ చేతి వంట ఉంటాయి గాని, వీటిలో ఏ నూనె వాడారో తరచు ఉండదు. లేని మాట చేర్చడం ఎంత తప్పో, ఉండాల్సిన మాట లేకపోవడమూ అంతే తప్పు. ఈ రెండోది పట్టుకోవడం ఇంకా కష్టం. కంటికి కనిపించనిదాన్ని వెతకాలి కదా.

ఆర్గానిక్ అనే ముద్రకు ధ్రువీకరణ కావాలి. ఆహార ప్రకటనల మీద 2018లో వచ్చిన నిబంధనలు సహజం, సంప్రదాయం లాంటి మాటలకు కూడా షరతులు పెట్టాయి. సంప్రదాయం అనాలంటే ఆ వంట పద్ధతి కనీసం 30 ఏళ్లుగా ఉన్నదై ఉండాలి. ఆవకాయకు ఆ చిక్కు లేదనుకోండి. కానీ గోంగూర రక్తహీనతను నయం చేస్తుంది, ఇంగువ గుండెకు మంచిది అని ఏఐ ఒక వాక్యం చేర్చిందంటే ఆ వాక్యాన్ని వెంటనే కొట్టేయాలి. ఆహారం జబ్బు నయం చేస్తుందని ప్రకటించకూడదు.

లైసెన్సు నంబర్ల దగ్గర మరీ జాగ్రత్త అవసరం. పేజీ అడుగున పెట్టే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరులో 14 అంకెలుంటాయి, జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. జీఎస్టీ నంబరు ఆంధ్రప్రదేశ్‌లోనైతే 37తో, తెలంగాణలోనైతే 36తో మొదలవుతుంది, ఆ వెంటనే వచ్చే పది అక్షరాలు పాన్ నంబరు. ఏఐ అక్కడ ఏదో ఒక నంబరు నింపి ఉంటే చూడ్డానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. కాగితం పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడ్డం తప్ప మరో మార్గం లేదు.

ఇక ఆ ముగ్గురు కస్టమర్ల మెచ్చుకోలు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా పడొచ్చు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు, అమ్మేవాళ్లే కొనుగోలుదారుల వేషంలో అభిప్రాయాలు రాయడాన్ని నిషేధించాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది, ఏఐ రాసిన దొంగ అభిప్రాయాలకు కూడా అది వర్తిస్తుంది. ఆ మూడు పెట్టెలు తీసేయాలి. వాట్సాప్‌లో నిజంగా మెచ్చుకున్న కస్టమర్లుంటే వాళ్లను అడిగి, ఒప్పుకుంటే వాళ్ల మాటలే పెట్టాలి. లేకపోతే ఆ విభాగమే వద్దు. పచ్చళ్ల కొట్టుకు అభిప్రాయాల పట్టీ లేకపోతే వచ్చే నష్టం ఏమీ లేదు.

మాట ఇచ్చింది ఎవరు

30 రోజుల్లో డబ్బు వాపసు అన్న వాక్యాన్ని చాలామంది చదవకుండానే దాటేస్తారు. నిబంధనల పేజీ ఎవరు చదువుతారులే అనుకుంటారు. మూత తీసిన పచ్చడి సీసాను నెల తర్వాత వెనక్కి తీసుకునే దుకాణం ఉండదు. కానీ సైటులో ఉంది కాబట్టి అది దుకాణం ఇచ్చిన మాటే అవుతుంది.

కెనడాలో జరిగిన కేసు ఒకటి దీన్ని తేటతెల్లం చేసింది. 2022 నవంబరులో బామ్మ చనిపోతే వెళ్లాల్సిన ఒక ప్రయాణికుడు ఎయిర్ కెనడా వెబ్‌సైటులోని చాట్‌బాట్‌ను టికెట్ రాయితీ గురించి అడిగాడు. ముందు టికెట్ కొనుక్కుని 90 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోవచ్చని అది చెప్పింది. అసలు విధానం ప్రకారం ప్రయాణం అయ్యాక రాయితీ ఇవ్వరు. ఆ సంగతి అదే సైటులో వేరే పేజీలో ఉంది. డబ్బు అడిగితే కంపెనీ కాదంది. చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యురాలైన వేరే అస్తిత్వమన్నట్టు కూడా వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియాలోని సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చింది. సమాచారం మామూలు పేజీలో ఉన్నా చాట్‌బాట్ చెప్పినా సైటులో ఉన్న ప్రతిదానికీ కంపెనీదే బాధ్యత అని తేల్చి, ప్రయాణికుడికి ఖర్చులతో కలిపి దాదాపు 812 కెనడా డాలర్లు ఇమ్మంది. మొత్తం చిన్నదే. ఆ తీర్పులోని తర్కం మాత్రం వెబ్‌సైటు ఉన్న ప్రతి వ్యాపారికీ తెలిసి ఉండాలి.

గోప్యతా విధానం పేజీలోనూ ఇదే జరుగుతుంది. మీ వివరాలు ఎవరితోనూ పంచుకోం అని ఏఐ ధైర్యంగా రాస్తుంది. అదే సైటులో గూగుల్ అనలిటిక్స్ నడుస్తుంటుంది, డబ్బు కట్టే గేట్‌వే వేరే కంపెనీది, చిరునామా కొరియరువాళ్లకు వెళ్తుంది. అంటే మొదటి రోజు నుంచే ఆ వాక్యం అబద్ధం. కొన్నిసార్లు తెనాలి దుకాణానికి కాలిఫోర్నియా చట్టాలు అంటగడుతుంది, మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఊసే ఎత్తదు. ఏ వివరాలు తీసుకుంటారు, ఎందుకు, ఎవరికి వెళ్తాయి, తీసేయమంటే ఎవరిని అడగాలి అన్న నాలుగు సంగతులు మామూలు తెలుగులో నిజాయితీగా రాస్తే, ఆ రెండు పేజీల అరువు భాష కంటే మేలు.

బొమ్మలు, బటన్లు

ఏఐ గీసే ఆవకాయ బొమ్మ చాలాసార్లు ఉత్తరాది అచారులా ఉంటుంది. ముక్కకు టెంక ఉండదు, నూనె తేలదు, పక్కన ఎక్కడి నుంచో నిమ్మకాయ చెక్క వచ్చి చేరుతుంది. సీసా మీద తెలుగు అక్షరాల్లాంటి గీతలుంటాయి, చదవబోతే ఏమీ ఉండదు. తెలుగువాళ్లు దాన్ని చూడగానే పసిగడతారు. అమ్మే వస్తువు బొమ్మ అసలుదే అయి ఉండాలి, ఇందులో బేరం లేదు. పగటి వెలుతురులో కిటికీ పక్కన తెల్ల గుడ్డ పరిచి ఫోనుతో తీసిన ఫొటో చాలు. టెంప్లేటులోని నమూనా ఫొటోలకూ ఇదే నియమం.

తర్వాత బటన్లు. ఈ విషయంలో రెండు రకాల సైట్లూ ఒకేలా మోసపుచ్చుతాయి. ఫేస్‌బుక్ గుర్తు నొక్కితే ఫేస్‌బుక్ మొదటి పేజీకి వెళ్తుంది గాని దుకాణం పేజీకి వెళ్లదు. ఆర్డరు ఫారం నింపి నొక్కితే ధన్యవాదాలు అని వస్తుంది, ఆ ఆర్డరు మాత్రం ఎవరికీ చేరదు. యజమానికి ఆర్డర్లు రావడం లేదనిపిస్తుంది, కస్టమరుకు జవాబు ఇవ్వలేదనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. దీన్ని పట్టుకోవాలంటే వేరే ఇంట్లోవాళ్ల ఫోనులో, వేరే ఈమెయిలుతో, కొత్త కస్టమరులాగే మొదటి నుంచి చివరిదాకా ఒక ఆర్డరు పెట్టి చూడాలి. స్పామ్ ఫోల్డరు కూడా తెరవాలి. వాట్సాప్ లింకులో నంబరు `https://wa.me/91` తర్వాత పది అంకెలుగా ఉండాలి. మధ్యలో ప్లస్ గుర్తు, ముందు సున్నా, ఖాళీలు ఉండకూడదు. డబ్బు కట్టే ఏర్పాటు ఉంటే పది రూపాయలు నిజంగా కట్టి, ఖాతాలో పడ్డాయో లేదో చూసి, వాపసు కూడా ప్రయత్నించాలి.

ప్రోగ్రాము రాసిచ్చే రెండో రకం ఏఐ సైట్ల దగ్గర ఇంత మాత్రం తనిఖీ చాలదు. 2025లో భద్రతా పరిశోధకులు లవబుల్‌తో కట్టిన 1,645 సైట్లను చూస్తే, 170 సైట్లలో డేటాబేసు తలుపులు సరిగ్గా మూసి లేవని తేలింది. ఆ లోపానికి CVE-2025-48757 అని నంబరు ఇచ్చారు. తమ సైటులోని డేటాను కాపాడుకునే బాధ్యత ఎవరి సైటుకు వాళ్లదేనన్నది కంపెనీ వాదన. జరిగేది ఇది: ఇలాంటి సైటులో పేజీ నేరుగా డేటాబేసును అడుగుతుంది. ఏ వరస ఎవరు చూడొచ్చో డేటాబేసులో నియమాలు రాసి ఉండాలి. అవి లేకపోతే పేజీ పైకి చక్కగా నడుస్తూనే ఉంటుంది. లోపల మాత్రం కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు తెలిసినవాడెవడైనా చదవొచ్చు. సైటు అందంగా ఉందా, వేగంగా ఉందా అని చూస్తే ఈ లోపం కనిపించదు. చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. లాగిన్ కాకుండా కొత్త విండోలో ఆర్డరు పేజీ చిరునామా తెరవాలి, చివర ఉన్న ఆర్డరు నంబరును ఒకటి పెంచి చూడాలి. వేరేవాళ్ల ఆర్డరు కనిపిస్తే సైటును ఆ క్షణమే ఆపేయాలి. కనిపించకపోయినంత మాత్రాన క్షేమమని కాదు, డేటాబేసు తెలిసినవాళ్లకు ఒకసారి చూపించాలి. చూపించే మనిషి దొరకకపోతే ఆ రకం సైటులో కస్టమర్ల వివరాలు దాచకపోవడమే మంచిది. ఐదు పేజీల పచ్చళ్ల కొట్టుకు అది అవసరమూ లేదు, వాట్సాప్ లింకు చాలు.

తెలుగు అక్షరం నిలబడుతుందా

టెంప్లేట్లు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల కొలతతో గీసినవి. శీర్షికల్లో వరసల మధ్య దూరం బాగా తక్కువ పెడతారు. ఇంగ్లిషుకు అది అందం. తెలుగులో పై వరసలోని ఒత్తులు కింది వరసలోని గుడిసుడులను తాకుతాయి, కొన్నిచోట్ల ఒత్తు సగానికి తెగిపోతుంది. ఏఐ ఎంచే విభాగాలు కూడా అవే కాబట్టి అక్కడా అంతే. కొన్ని డిజైన్లలో అక్షరాల మధ్య దూరం పెంచుతారు, అప్పుడు తెలుగు మాట ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. సైటు సెట్టింగుల్లో సొంత సీఎస్‌ఎస్ రాసుకునే చోటు ఉంటే ఈ ఐదు వరసలు చాలావరకు సరిచేస్తాయి:

```css
:lang(te) {
  font-family: "Noto Sans Telugu", sans-serif;
  line-height: 1.7;
  letter-spacing: 0;
}
```

ఇది పనిచేయాలంటే పేజీ భాష `te` అని సెట్ అయి ఉండాలి. లేదంటే పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఆ తెలుగును ఇంగ్లిషు అనుకుని తడబడుతుంది. రాష్ట్రం, స్త్రీ, కృష్ణా అనే మాటలు శీర్షికలో రాసి, ఇంట్లో ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోనులో ఒకసారి, ఐఫోనులో ఒకసారి చూస్తే అక్షరాలు నిలబడ్డాయో లేదో తెలిసిపోతుంది.

చూపు తక్కువైనవాళ్ల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి. 79.1 శాతం పేజీల్లో అక్షరాల రంగు, వెనక రంగు మధ్య తేడా చాల్లేదు. ఏఐ పెట్టే ఒక్క పరికరం తగిలిస్తే ఏ సైటైనా నిబంధనలకు సరిపోతుందని ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ అనే కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో పది లక్షల డాలర్లు చెల్లించాలని చర్య తీసుకుంది. పసుపు రంగు మీద తెల్ల అక్షరాలతో పచ్చళ్ల ధరలు పెడితే అరవై దాటినవాళ్లు చదవలేరు, పచ్చళ్లు కొనేవాళ్లలో వాళ్లూ ఉంటారు. మధ్యాహ్నం ఎండలో ఫోను పట్టుకుని ధర చదవమని ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే అదే మంచి పరీక్ష.

ఏది ఎంచుకోవాలి

చిన్న దుకాణానికి మొదటి రకం ఏఐ మంచి ఆరంభమే. ఖాళీ పేజీ ముందు కూర్చుని ఏం రాయాలో తోచని ఇబ్బంది తప్పుతుంది, ఏ పేజీ తర్వాత ఏది ఉండాలో తేలుతుంది. కానీ అదే సంస్థ టెంప్లేటును మొదట చూసుకుని, కట్టాక ప్రతి పెట్టెనూ చేత్తో మార్చుకోగలమని నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టాలి. విక్స్‌లో ఒకసారి ఎంచుకున్న టెంప్లేటును తర్వాత మార్చుకోలేరు, కట్టిన సైటును అక్కడి నుంచి తీసి వేరేచోట పెట్టుకోలేరు. వర్డ్‌ప్రెస్‌లో ఆ రెండూ కుదురుతాయి. ఏది ఎంచుకున్నా డొమైను పేరు మాత్రం సైటు కట్టిచ్చినవాళ్ల పేరున కాకుండా యజమాని పేరునే నమోదు చేయించాలి.

ఇక తనిఖీ. సైటులోని మాటలన్నీ కాగితం మీద ప్రింటు తీయాలి. ప్రతి అంకె, ప్రతి తేదీ, ప్రతి పేరు, లేదు, ఉంది, నూటికి నూరు, ఉచితం, గ్యారంటీ లాంటి ప్రతి మాట కింద ఎర్ర గీత గీయాలి. ఒక్కో గీత దగ్గర ఆగి, దీనికి రుజువు ఏదీ అని అడగాలి. లైసెన్సు కాగితమో, నూనె డబ్బా లేబులో, కొరియరు రేటు కార్డో చేతిలోకి రావాలి. రాకపోతే ఆ వాక్యాన్ని కొట్టేయాలి. టెంప్లేటుతో కట్టిన సైటుకు ఇది గంట పని, ఎందుకంటే అందులోని మాటలు యజమాని రాసుకున్నవే. ఏఐ కట్టిన దానికి ఒక పూట పడుతుంది. ఏఐ మిగిల్చిన సమయంలో ఎంతో కొంత ఇక్కడ తిరిగి ఖర్చుపెట్టక తప్పదు. ఈ పని సైటు కట్టినవాళ్లకు అప్పగించకూడదు. పచ్చడి కలిపే మనిషి, పార్సెలు కట్టే మనిషి చదవాలి. ఇంగ్లిషు రాకపోతే ఎవరైనా పక్కన కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాలి.

సైటు బయటికి వదిలాక కూడా ఒక పని మిగిలే ఉంటుంది. వచ్చే వేసవిలో మామిడికాయ ధర మారుతుంది, నూనె ధర మారుతుంది, ఏదో ఒక ఊరికి పార్సెలు ఆగిపోతుంది. ఆ రోజు సైటులో మార్చే మనిషి ఎవరో ఇప్పుడే తేల్చుకుని, పాస్‌వర్డు వాళ్ల చేతికి ఇవ్వండి.